ఒక ల్యాప్‌టాప్, రెండు బ్లూటూత్ హెడ్‌ఫోన్లు: ఇద్దరికీ ఒకేసారి సౌండ్ వచ్చేదెలా?

రాత్రిసినిమా

అందరికీ నమస్కారం. బాబు పడుకున్నాక నేనూ మా ఆవిడా ల్యాప్‌టాప్‌లో సినిమా చూస్తుంటాం. స్పీకర్ పెడితే వాడు లేస్తాడు. ఇద్దరికీ చెరో బ్లూటూత్ జత ఉంది. నాది చెవి మొత్తం కప్పేసే పెద్ద హెడ్‌ఫోన్, తనవి చెవిలో పెట్టుకునే చిన్న బడ్స్. రెండూ వేర్వేరు కంపెనీలవి. ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ 11.

సెట్టింగ్స్‌లో రెండింటికీ Connected అనే చూపిస్తోంది. కానీ సౌండ్ ఒక్కదాంట్లోనే వస్తోంది. రెండోది ఎంచుకోగానే మొదటిది మూగబోతోంది. కొత్తవి కొనకుండా ఉన్నవాటితోనే ఇద్దరం కలిసి వినే దారి ఏదైనా ఉందా?

వేగరాజు

మీ ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ 4 ఉండుంటుంది. బ్లూటూత్ 5 వచ్చినప్పటి నుంచి రెండు హెడ్‌ఫోన్లకు ఒకేసారి సౌండ్ వెళ్తుంది. నా ఫోన్‌లో రోజూ అలాగే వింటున్నాను. చిన్న యూఎస్‌బీ బ్లూటూత్ 5 అడాప్టర్ పెట్టుకోండి, సరిపోతుంది.

కల్పవల్లి

నా హెడ్‌ఫోన్‌కి మల్టీపాయింట్ ఉంది అన్నా. ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ ఒకేసారి కనెక్ట్ అయి ఉంటుంది, కాల్ వస్తే దానంతట అదే ఫోన్‌కి మారిపోతుంది. మీ హెడ్‌ఫోన్ యాప్‌లో ఆ ఆప్షన్ ఉందేమో చూసి ఆన్ చేయండి.

తరంగిణి

కల్పవల్లి గారూ, మల్టీపాయింట్ దీనికి తిరగేసిన వ్యవహారం. అక్కడ హెడ్‌ఫోన్ ఒకటి, సౌండ్ పంపే పరికరాలు రెండు. ఇక్కడ పంపేది ఒకటి, వినేవి రెండు. ఆ ఆప్షన్ ఆన్ చేసినా వీరి పని జరగదు.

వేగరాజు గారూ, మీ ఫోన్‌లో పనిచేస్తుందన్న మాట నిజమే. కానీ దానికి కారణం బ్లూటూత్ 5 కాదు. మామూలు బ్లూటూత్‌లో సినిమాలు, పాటలు వినిపించే పద్ధతి ఒక పరికరం నుంచి ఒక హెడ్‌ఫోన్‌కు వెళ్ళేలా రాసుకున్నది. 5 వచ్చినా ఆ పద్ధతి మారలేదు. 2017లో శాంసంగ్ గెలాక్సీ ఎస్8తో పాటు డ్యూయల్ ఆడియో అని సొంతంగా ఒకటి ఇచ్చింది. అందులో ఫోనే రెండు వేర్వేరు ప్రసారాలు నడుపుతుంది. ఆ ఫోన్‌లోనే బ్లూటూత్ 5 కూడా ఉండటంతో రెండూ ఒకటే అన్న మాట స్థిరపడిపోయింది. ఆపిల్ కూడా 2019లో ఐఓఎస్ 13తో ఆడియో షేరింగ్ తెచ్చింది. అది ఎయిర్‌పాడ్స్‌కీ కొన్ని బీట్స్ మోడళ్ళకీ మాత్రమే పనిచేస్తుంది, బయటి కంపెనీ హెడ్‌ఫోన్లను కలుపుకోదు. కాబట్టి అడాప్టర్ మార్చినంత మాత్రాన విండోస్ రెండింటికీ పంపడం మొదలుపెట్టదు.

రాత్రిసినిమా గారూ, మీ ల్యాప్‌టాప్‌కి రెండు కనెక్షన్లు పట్టుకోవడం వచ్చు, అది మీరు చూశారు కూడా. విండోస్ మాత్రం సౌండ్‌ని ఒక్క అవుట్‌పుట్‌కే ఇస్తుంది. మధ్యలో ఒక మిక్సర్ ప్రోగ్రామ్ పెడితే ఆ పని అది చూసుకుంటుంది. Voicemeeter Banana అందుకు బాగా సరిపోతుంది.

పెట్టే పద్ధతి ఇది. ముందు రెండు హెడ్‌ఫోన్లనూ కనెక్ట్ చేసి ఉంచండి. ప్రోగ్రామ్ వేసుకుని ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేయండి. ఆ తర్వాత విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్‌గా Voicemeeter Input ఎంచుకోండి. ఇక సినిమా సౌండ్ అంతా మిక్సర్‌లోకి వస్తుంది. మిక్సర్ కుడివైపు పైన A1, A2, A3 అని మూడు అవుట్‌పుట్లు కనిపిస్తాయి. చాలామంది మొదటి హెడ్‌ఫోన్‌ని A1లో పెట్టేస్తారు. అలా వద్దు. మొత్తం మిక్సర్ A1లో ఉన్న పరికరం గడియారాన్ని పట్టుకుని నడుస్తుంది. ఆ హెడ్‌ఫోన్ బ్యాటరీ అయిపోతే రెండోవాళ్ళ సౌండ్ కూడా దెబ్బతింటుంది. A1లో ల్యాప్‌టాప్ సొంత స్పీకర్‌ని పెట్టండి, A2లో మీ హెడ్‌ఫోన్, A3లో ఆవిడ బడ్స్. తర్వాత Voicemeeter Input అనే నిలువు పట్టీలో A1 బటన్ ఆపేసి A2, A3 వెలిగించండి. స్పీకర్ గడియారం ఇస్తుంది కానీ చప్పుడు చేయదు, బాబు నిద్రకి ఢోకా ఉండదు.

రాత్రిసినిమా

తరంగిణి గారూ, చాలా థాంక్స్. మీరు చెప్పినట్టే పెట్టాను, ఇద్దరికీ సౌండ్ వస్తోంది!

కానీ ఇంకో చిక్కు. నాకు పెదాల కదలికకీ మాటకీ కొద్దిగా తేడా ఉంది, సర్దుకుపోవచ్చు. తనకి మాత్రం బాగా ఆలస్యంగా వస్తోంది. తలుపు వేసుకున్నాక ధడేల్ మంటోంది. నేను నవ్వేశాక తను నవ్వుతోంది. రెండూ బ్లూటూతే కదా, ఈ తేడా ఎందుకు?

పాతరేడియో

మా ఇంట్లో ఇలాంటిదే వేరే అవసరం. అమ్మకి వినికిడి తగ్గింది. ఆవిడకి సరిపోయేంత సౌండ్ పెడితే మాకు తలనొప్పి. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రంలో పెట్టే చిన్న బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ తీసుకున్నాను, రెండు హెడ్‌ఫోన్లకు పంపే రకం. ఇద్దరం కూర్చుని చూస్తాం, ఎవరి హెడ్‌ఫోన్ మీది బటన్లతో వాళ్ళం సౌండ్ పెంచుకుంటాం. ప్రోగ్రాములు, సెట్టింగులు ఏమీ లేవు. ల్యాప్‌టాప్ అది మామూలు వైర్ హెడ్‌ఫోన్ అనుకుంటుంది. టీవీకి కూడా అదే పనికొస్తుంది.

రాత్రిసినిమా గారి మిక్సర్‌లో అలా ఇద్దరికీ వేర్వేరు సౌండ్ పెట్టుకోవచ్చా? అమ్మకి ఉపయోగపడుతుందని అడుగుతున్నా.

తరంగిణి

పాతరేడియో గారూ, పెట్టుకోవచ్చు. మిక్సర్‌లో A2కీ A3కీ విడివిడిగా జరుపుకునే బటన్లు ఉంటాయి. అమ్మగారికి ఎక్కువ, మీకు తక్కువ ఉంచుకోండి. పైగా సన్నటి, లావు శబ్దాలను విడివిడిగా పెంచి తగ్గించుకునే ఈక్వలైజర్ కూడా అవుట్‌పుట్‌కొకటి ఉంటుంది. వయసుతో వినికిడి తగ్గేవాళ్ళకి ముందుగా పోయేవి సన్నటి శబ్దాలు. స, ష, త, ఫ లాంటివి అందులోనే ఉంటాయి, అందుకే మాట వినపడుతుంది గానీ అర్థం కాదంటారు. మొత్తం సౌండ్ పెంచే బదులు ఆవిడ వైపు ఆ పై భాగాన్ని కొంచెం పెంచి చూడండి.

ఇక రాత్రిసినిమా గారి ఆలస్యం సంగతి. సౌండ్‌ని కుదించి, గాల్లోకి పంపి, అక్కడ విప్పి, మధ్యలో తెగకుండా హెడ్‌ఫోన్ కొంత నిల్వ ఉంచుకుని అప్పుడు వినిపిస్తుంది. ఆ నిల్వ ఎంతన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా పెడుతుంది. ఎస్‌బీసీ అనే మామూలు కుదింపుతో 150 నుంచి 250 మిల్లీసెకన్ల ఆలస్యం సర్వసాధారణం. చిన్న బడ్స్‌లో తరచూ ఇంకా ఎక్కువ ఉంటుంది.

మరి ఇంతకాలం ఒక్కరే విన్నప్పుడు ఈ తేడా ఎందుకు కనపడలేదు? ఎందుకంటే వీడియో ప్లేయర్ ముందే సిస్టమ్‌ని అడుగుతుంది, సౌండ్ బయటికి రావడానికి ఎంతసేపు పడుతుందని. ఆ జవాబు చూసుకుని బొమ్మని అంతసేపు ఆపి ఉంచుతుంది. ఇప్పుడు ప్లేయర్‌కి కనిపిస్తున్నది హెడ్‌ఫోన్ కాదు, మిక్సర్. మిక్సర్ చాలా తక్కువ ఆలస్యం చెబుతుంది. దాని వెనక బ్లూటూత్ ఉందన్న సంగతి ప్లేయర్‌కి తెలియదు, అందుకే బొమ్మని ఆపదు. మీకు కొద్దిగా, ఆవిడకి ఎక్కువగా తేడా కనిపించడానికి ఇదే మూలం.

కాబట్టి పని రెండు దశల్లో చేయాలి. ముందు రెండు హెడ్‌ఫోన్లనూ ఒకదానితో ఒకటి కలపాలి. అంటే త్వరగా వినిపించేదాన్ని ఆపి, నిదానంగా వచ్చేదాని దగ్గరికి తేవాలి. నిదానంగా వచ్చేదాన్ని తొందరపెట్టే మార్గం లేదు. తర్వాత ఇద్దరికీ కలిపి సౌండ్‌ని బొమ్మకంటే ముందుకు జరపాలి.

మొదటి దశకి టక్ టక్‌మని సెకనుకొకసారి కొట్టే మెట్రోనోమ్ ఆడియో ఏదైనా పెట్టండి. మీ హెడ్‌ఫోన్ ఒక పక్క ఎడమ చెవికి ఆనించండి, ఆవిడ బడ్ ఒకటి కుడి చెవిలో పెట్టుకోండి. ఇప్పుడు ప్రతి దెబ్బా రెండుగా వినిపిస్తుంది, ముందు ఎడమ, తర్వాత కుడి. మిక్సర్ మెనూలో System Settings తెరిస్తే Monitoring Synchro Delay అని అవుట్‌పుట్ల ఎదురుగా మిల్లీసెకన్ల గడులుంటాయి. మీ A2 గడిలో 20 చొప్పున పెంచుకుంటూ పోండి. రెండు దెబ్బల మధ్య ఎడం తగ్గుతూ వచ్చి ఒక దగ్గర ఒక్కటే దెబ్బగా, తల మధ్యలో కొట్టినట్టు వినిపిస్తుంది. అది దాటితే కుడి చెవిలో ముందు కొట్టడం మొదలవుతుంది. అప్పుడు వెనక్కి రండి.

రెండో దశ VLC ప్లేయర్‌లో. సినిమా ఫైల్ పెట్టి, మనిషి ముఖం దగ్గరగా కనిపించే సీన్‌లో J నొక్కండి. నొక్కినప్పుడల్లా సౌండ్ 50 మిల్లీసెకన్లు ముందుకు జరుగుతుంది, తెరమీద మైనస్ అంకె కనిపిస్తుంది. ఎక్కువైతే Kతో వెనక్కి. పెదాలు కలిసే ప, బ, మ అక్షరాలను గమనిస్తే తొందరగా తెలిసిపోతుంది.

వేగరాజు

నా ఫోన్‌లో ఈ గోల ఏమీ లేదు. రెండు జతలు కనెక్ట్ చేసి మీడియా అవుట్‌పుట్‌లో రెండింటికీ టిక్ పెడితే చాలు. మరి ఫోన్‌లో చూసుకోవచ్చు కదా?

తరంగిణి

చూసుకోవచ్చు. ఆ సదుపాయం ఉన్న ఫోన్ అయితే అదే సులభం. కానీ ఆలస్యాల తేడా అక్కడా ఉంటుంది. మీ రెండు జతలూ ఒకే మోడల్ అయితే తేడా తెలియదు. వీరివి ఒకటి పెద్ద హెడ్‌ఫోన్, ఒకటి బడ్స్. ఫోన్ బొమ్మని ఆపగలిగేది ఏదో ఒక ఆలస్యానికి సరిపడా, రెండోవాళ్ళు సర్దుకోవాలి. ఒక్కో హెడ్‌ఫోన్‌కీ విడిగా ఆలస్యం కలిపే గడి చాలా ఫోన్లలో ఉండదు. మీ రెండు జతలూ ఒకటేనా?

వేగరాజు

అవును, ఇద్దరివీ ఒకే మోడల్.

ఆకుపచ్చదీపం

మ్యాక్ వాడేవాళ్ళ కోసం ఒక ముక్క. బయటి ప్రోగ్రామ్ అక్కర్లేదు. Audio MIDI Setup తెరిచి, కింద ప్లస్ గుర్తు నొక్కి Create Multi-Output Device ఎంచుకోండి. రెండు హెడ్‌ఫోన్లకూ టిక్ పెట్టి, రెండోదానికి Drift Correction పెట్టండి. లేకపోతే రెండు గడియారాలూ పోనుపోను ఎడమవుతాయి. దాన్ని అవుట్‌పుట్‌గా ఎంచుకున్నాక కీబోర్డు సౌండ్ బటన్లు పనిచేయవు. ఎవరిది వాళ్ళు హెడ్‌ఫోన్ మీదే మార్చుకోవాలి. పాతరేడియో గారి అమ్మగారి లాంటి వాళ్ళకి అది కూడా మంచిదే.

చెక్కపెట్టె

లినక్స్‌లో అయితే రెండు లైన్లు. మొదటి కమాండ్ ఇచ్చే పేర్లలోంచి రెండు హెడ్‌ఫోన్ల పేర్లు తీసుకుని FIRST, SECOND ఉన్నచోట పెట్టండి.

```
pactl list short sinks
pactl load-module module-combine-sink sink_name=jodi slaves=FIRST,SECOND
```

తర్వాత సౌండ్ సెట్టింగ్స్‌లో ఆ కొత్త అవుట్‌పుట్ ఎంచుకోండి. రీస్టార్ట్ చేస్తే పోతుంది, మళ్ళీ ఇవ్వాలి.

రాత్రిసినిమా

మెట్రోనోమ్ పద్ధతి అద్భుతంగా పనిచేసింది. మొదట ఎడమ చెవిలో టక్, కాస్త ఆగి కుడి చెవిలో టక్. A2లో 60 పెట్టేసరికి దాదాపు అతుక్కున్నాయి, 80 దగ్గర ఒక్కటే దెబ్బ అయింది. 100 పెడితే కుడివైపు ముందు వచ్చింది, మళ్ళీ 80కి తెచ్చాను. VLCలో మైనస్ 250 దగ్గర ఇద్దరికీ పెదాలు కలిశాయి. తను అయితే చాలాసేపు నమ్మలేదు.

మిగిలింది ఒక్కటే. అప్పుడప్పుడూ తన బడ్స్‌లో సౌండ్ తెగి తెగి వస్తోంది, నాకు మాత్రం బాగానే ఉంటుంది. ఇంకొకటి, బ్రౌజర్‌లో చూసే సినిమాలకి VLC పనికిరాదు కదా. వాటికి ఏం చేయాలి?

తరంగిణి

తెగడం సంగతి ముందు. ఒకే రేడియో ఇప్పుడు రెండు ప్రసారాలు మోస్తోంది. ఎస్‌బీసీ మంచి నాణ్యతలో ఒక్కోటి సెకనుకు సుమారు 328 కిలోబిట్లు తీసుకుంటుంది. రెండు పెద్ద భారమేం కాదు. కానీ వైఫై కూడా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే ఉంటే, చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై, బ్లూటూత్ ఒకే చిప్‌లో ఉంటాయి కాబట్టి, రెండూ ఒకే దారిలో తోసుకుంటాయి. బలహీనంగా అందుకునే జత ముందు తెగుతుంది, సాధారణంగా అది చిన్న బడ్స్. కనిపెట్టడం సులభం. డౌన్‌లోడ్ చేసిన ఫైల్‌ని వైఫై ఆపేసి చూడండి. అప్పుడు తెగకపోతే కారణం అదే, రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్‌కి మారండి. వైఫై ఆపినా తెగుతుంటే మిక్సర్ సెట్టింగ్స్‌లో WDM బఫర్‌ని 512 నుంచి 1024కి పెంచండి. ఆలస్యం కొద్దిగా పెరుగుతుంది, VLCలో మళ్ళీ ఒకసారి సర్దుకోవాలి. అలాగే అవుట్‌పుట్ జాబితాలో Hands-Free అని ఉన్న పేరు ఎంచుకోలేదని చూసుకోండి. అది కాల్స్ కోసం ఉన్నది, సౌండ్ ఫోన్‌లో మాట్లాడినట్టు సన్నగా ఉంటుంది.

బ్రౌజర్‌కి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అక్కడ బొమ్మని ఆపాలి, ఆ పని వెబ్‌సైట్ మనకి ఇవ్వదు. సౌండ్‌ని ఇంకా ఆలస్యం చేసే పొడిగింపులు దొరుకుతాయి, మనకి కావలసింది అందుకు ఉల్టా.

పాతరేడియో

అక్కడే నా ట్రాన్స్‌మిటర్ పనికొస్తుంది. మావి రెండూ ఆప్టెక్స్ లో లేటెన్సీ అని రాసి ఉన్న హెడ్‌ఫోన్లు. బ్రౌజర్‌లో చూసినా తేడా తెలియదు.

తరంగిణి

సరిగ్గా చెప్పారు. అది ఎస్‌బీసీ లాంటిదే ఇంకో కుదింపు పద్ధతి. అందులో ఆలస్యం 40 మిల్లీసెకన్ల దరిదాపుల్లో ఉంటుంది, బొమ్మని ఆపకపోయినా కంటికి తెలియదు. కానీ ట్రాన్స్‌మిటర్‌లోనూ, రెండు హెడ్‌ఫోన్లలోనూ ఆ పేరు ఉండాలి. ఒక్క జతలో లేకపోయినా అది మామూలు ఎస్‌బీసీకి దిగిపోతుంది. కొన్ని డబ్బాలు ఒక్క హెడ్‌ఫోన్‌కి మాత్రమే లో లేటెన్సీ ఇస్తాయి, రెండోది కనెక్ట్ కాగానే మారిపోతాయి. కొనేముందు రెండు జతలకూ ఇస్తుందా అని అడిగి తీసుకోండి. రాత్రిసినిమా గారి రెండు జతల్లో ఆ పేరు ఉందో లేదో చూడాలి.

కల్పవల్లి

ఔరాకాస్ట్ అని వింటున్నాను. అది వస్తే ఇవన్నీ అక్కర్లేదంటున్నారు, నిజమేనా?

తరంగిణి

అది వేరే పద్ధతి, ఈ అవసరానికే పుట్టినట్టు ఉంటుంది. పంపే పరికరం ఒకే ప్రసారం చేస్తుంది, దాన్ని ఎన్ని హెడ్‌ఫోన్లైనా అందుకోవచ్చు. జతకొక ప్రసారం నడపక్కర్లేదు. ఎల్‌ఈ ఆడియో అనే కొత్త పునాది మీద నడుస్తుంది. ఔరాకాస్ట్ అన్న పేరు 2022లో బయటికొచ్చింది. ఎప్పుడు వినిపించాలన్న సమయం ప్రసారంలోనే ఉంటుంది, అందుకే మనం ఇక్కడ చెవులతో చేసిన సర్దుబాటు అక్కడ చాలావరకు దానంతట అదే జరిగిపోతుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇప్పటికే ఉంది. విండోస్ 11లో Shared audio పేరుతో 2025 చివర్లో కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లకు ప్రయోగంగా ఇవ్వడం మొదలుపెట్టారు. చిక్కంతా హెడ్‌ఫోన్ల దగ్గర. పాతవాటిలో చాలా వాటికి ఎల్‌ఈ ఆడియో రాదు, అప్‌డేట్ ఇచ్చినా రాదు. బ్లూటూత్ 5.2 అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు, ఎల్‌ఈ ఆడియో అని విడిగా రాసి ఉండాలి.

మీ ల్యాప్‌టాప్ సంగతి తెలుసుకోవాలంటే బ్లూటూత్ పరికరాల సెట్టింగ్స్‌లో Use LE Audio when available అన్న లైన్ ఉందేమో చూడండి. ఆ లైన్ కనపడకపోతే మీ ల్యాప్‌టాప్‌లో అది లేనట్టే.

రాత్రిసినిమా

చూశాను, ఆ లైన్ లేదు. నా హెడ్‌ఫోన్ పెట్టె మీద ఆప్టెక్స్ ఉంది గానీ లో లేటెన్సీ అని లేదు, తన బడ్స్‌కి అసలు లేదు. కాబట్టి ట్రాన్స్‌మిటర్ కొన్నా మాకు ఉపయోగం లేదు.

తెగడం మాత్రం పోయింది. వైఫై 5 గిగాహెర్ట్జ్‌కి మార్చగానే ఆగింది, బఫర్ ముట్టుకోలేదు. ఫైల్ సినిమాలకి ఇద్దరికీ సరిగ్గా వస్తోంది. బ్రౌజర్ సినిమాలకి ఎవరి దగ్గరైనా దారి ఉంటే చెప్పండి, ఎదురుచూస్తాను. ఇంకో సందేహం. రోజూ కనెక్ట్ చేసినప్పుడు A2లో ఆ 80 అలాగే ఉంటుందా, మారుతుందా?

చెక్కపెట్టె

నా అనుభవంలో ఒకే హెడ్‌ఫోన్‌కి కూడా ప్రతి కనెక్షన్‌కీ కొద్దిగా మారుతుంది. పది ఇరవై మిల్లీసెకన్లు అటూ ఇటూ అయితే ఇద్దరికీ తెలియదు, ఎవరి చెవి వాళ్ళది కదా. ఎక్కువ మారిందనిపిస్తే మెట్రోనోమ్ ఒక్క నిమిషం పెట్టి చూసుకోండి. మధ్యలో ఒక జత తెగిపోయి మళ్ళీ కలిస్తే మాత్రం తప్పకుండా చూసుకోండి, అప్పుడే పెద్ద తేడాలు వస్తాయి.